పాక్షిక యూడీఎల్‌తో పాటు పాయింట్ లోడ్ ఉన్న సింప్లీ సపోర్టెడ్ బీమ్: రియాక్షన్లు కట్టడం, తప్పు పట్టుకోవడం

సింప్లీ సపోర్టెడ్ బీమ్ మీద యూడీఎల్, అంటే ఒకే తీవ్రతతో పరుచుకున్న లోడ్, మొత్తం పొడవునా ఉంటే పెద్దగా లెక్క అక్కర్లేదు. బరువులో సగం ఎడమ సపోర్ట్‌కి, సగం కుడి సపోర్ట్‌కి పోతుంది. ఒక్క పాయింట్ లోడే ఉన్నా ఒక లైన్‌లో తేలిపోతుంది. యూడీఎల్ బీమ్‌లో కొంత భాగానికే పరిమితమై, దానికి తోడు ఒక పాయింట్ లోడ్ కూడా ఉంటే మాత్రం పద్ధతి తెలిసినవాళ్లకి కూడా సమాధానం తప్పుతుంటుంది. జవాబు పత్రాలు దిద్దేటప్పుడు చూస్తుంటాను, మూమెంట్ సమీకరణం రాయడం రానివాళ్లు చాలా తక్కువ. తప్పు ఎక్కువగా ఒకే చోట దొర్లుతుంది: యూడీఎల్ మొత్తం బరువు ఎక్కడ పనిచేస్తుందో ఆ దూరం దగ్గర. ఆ దూరం తప్పినా చివర్లో చేసే చెక్ మాత్రం సరిపోయినట్టే కనిపిస్తుంది. అందుకే ఇక్కడ ఒకే ఒక్క లెక్క తీసుకుని, ఆ దూరం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

మనం తీసుకునే బీమ్

రెండు సపోర్ట్‌ల మధ్య స్పాన్ 8 మీటర్లు. ఎడమ చివర హింజ్, కుడి చివర రోలర్. ఎడమ సపోర్ట్ నుంచి 1 మీటరు దగ్గర మొదలై 5 మీటర్ల దగ్గర ఆగే యూడీఎల్ ఉంది, దాని తీవ్రత మీటరుకి 12 కిలోన్యూటన్లు. ఎడమ సపోర్ట్ నుంచి 6 మీటర్ల దగ్గర 20 కిలోన్యూటన్ల పాయింట్ లోడ్ ఉంది. బీమ్ సొంత బరువు ప్రస్తుతానికి పక్కన పెడదాం, దాని సంగతి తర్వాత చూద్దాం.

```
       12 kN/m
     ↓↓↓↓↓↓↓↓↓↓↓↓↓↓↓↓↓↓↓↓↓    ↓ 20 kN
A────┬───────────────────┬────┬─────────B
0    1                   5    6         8  m
```

లెక్క మొదలుపెట్టే ముందు బొమ్మ గీసి తీరాలి. సపోర్ట్‌లు తీసేసి, వాటి స్థానంలో బాణాలు వేయాలి. ఎడమ సపోర్ట్ పైకి తోసే బలాన్ని RA అని, కుడి సపోర్ట్ తోసే బలాన్ని RB అని పిలుద్దాం. హింజ్ అడ్డంగా కూడా పట్టుకోగలదు కాబట్టి ఎడమ చివర ఒక అడ్డ బాణం కూడా ఉండాలి. మన లోడ్లన్నీ నిలువుగా కిందికే ఉన్నాయి, కాబట్టి ఆ అడ్డ రియాక్షన్ సున్నా. సున్నా అని తెలిసినా బొమ్మలో వేయడం మంచి అలవాటే. రేపు పాయింట్ లోడ్ ఏటవాలుగా వస్తే దాన్ని మర్చిపోకుండా ఉంటాం.

దూరాలన్నీ ఒకే చోట నుంచి, అంటే ఎడమ సపోర్ట్ నుంచి, బొమ్మ కింద రాయండి: 0, 1, 5, 6, 8. ముక్కలు ముక్కలుగా 1, 4, 1, 2 అని రాస్తే చూడ్డానికి నీట్‌గా ఉంటుంది గానీ, మూమెంట్ తీసేటప్పుడు ప్రతిసారీ కూడుకోవాలి. తప్పు జరిగేది ఆ కూడికలోనే.

యూడీఎల్‌ని ఒక్క బలంగా మార్చడం

ఇదే ఈ లెక్కకి గుండెకాయ. పరుచుకుని ఉన్న లోడ్‌ని దాని మొత్తం బరువుకి సమానమైన ఒక్క బాణంగా మారుస్తాం. ఇందుకు రెండు సంగతులు తెలియాలి. బరువు ఎంత, అది ఎక్కడ?

బరువు సులువు. తీవ్రతని లోడ్ ఉన్న పొడవుతో గుణించాలి, స్పాన్‌తో కాదు. లోడ్ 1 మీటరు నుంచి 5 మీటర్ల వరకు ఉంది కాబట్టి దాని పొడవు 4 మీటర్లు.

```
W = 12 × (5 − 1) = 48 kN
```

ఎక్కడ అన్నది జాగ్రత్తగా చూడాలి. ఆ 48 కిలోన్యూటన్లు లోడ్ పరుచుకున్న భాగానికి సరిగ్గా మధ్యలో పనిచేస్తాయి. బీమ్ మధ్యలో కాదు. 4 మీటర్లలో సగం 2 మీటర్లు. కానీ ఆ 2 మీటర్లు యూడీఎల్ మొదలైన చోటు నుంచి కొలిచిన దూరం. మనకి కావాల్సింది సపోర్ట్ నుంచి దూరం. యూడీఎల్ మొదలవడానికి ముందు 1 మీటరు ఖాళీగా ఉంది, దాన్ని కలపాలి.

```
x = 1 + 4/2 = 3 m
```

ఇదే సంగతిని ఇంకో రకంగా కూడా కట్టొచ్చు. మొదలు, చివర రెండు దూరాలూ కూడి సగం చేస్తే చాలు, (1 + 5)/2 = 3. నాకు ఈ రెండో పద్ధతే ఇష్టం. దూరాలన్నీ ఎడమ సపోర్ట్ నుంచే రాసుకున్నాం కాబట్టి, ఖాళీగా ఉన్న ముక్కని కలపడం మర్చిపోయే అవకాశమే ఇందులో ఉండదు.

ఇక పాయింట్ లోడ్‌కి మార్చాల్సిందేమీ లేదు. అది 20 కిలోన్యూటన్లు, 6 మీటర్ల దగ్గర.

మూమెంట్ సమీకరణం

ఇప్పుడు ఎడమ సపోర్ట్ చుట్టూ మూమెంట్లు తీద్దాం. అక్కడే ఎందుకు? RA ఆ బిందువు గుండానే పోతుంది కాబట్టి దాని మూమెంట్ సున్నా. తెలియనివి రెండున్నా సమీకరణంలో ఒక్కటే మిగులుతుంది. కిందికి దిగే లోడ్లు బీమ్‌ని ఎడమ సపోర్ట్ చుట్టూ సవ్యదిశలో తిప్పాలని చూస్తాయి, RB అపసవ్యదిశలో తిప్పాలని చూస్తుంది. బీమ్ కదలకుండా ఉంది కాబట్టి రెండూ సమానం.

```
RB × 8 = 48 × 3 + 20 × 6
RB × 8 = 144 + 120 = 264
RB = 33 kN
```

నిలువు బలాల లెక్క నుంచి RA వస్తుంది.

```
RA = 48 + 20 − 33 = 35 kN
```

లెక్క అయిపోయింది. కానీ ఇది సరైనదో కాదో ఇంకా తెలియదు.

ఏ చెక్ నిజంగా చెక్?

చాలామంది ఇక్కడ 35 + 33 = 68, లోడ్లు 48 + 20 = 68, రెండూ సరిపోయాయి అని రాసి టిక్ పెట్టేస్తారు. ఆ చెక్ ఏమీ చెప్పదు. RA ని మనం ఆ సమీకరణం నుంచే తెచ్చుకున్నాం. RB ఎంత తప్పుగా వచ్చినా, ఆ తప్పుకి తగ్గట్టు RA కూడా మారి మొత్తం మళ్లీ 68 కే వస్తుంది.

ఒకసారి తప్పు చేసి చూద్దాం. యూడీఎల్ సెంటర్‌ని 3 మీటర్లకి బదులు 2 మీటర్ల దగ్గర పెట్టామనుకోండి, అంటే ముందున్న ఆ 1 మీటరు కలపడం మర్చిపోయాం.

```
RB = (48 × 2 + 20 × 6) / 8 = 216 / 8 = 27 kN
RA = 68 − 27 = 41 kN
41 + 27 = 68
```

మొత్తం చక్కగా కలిసింది. రియాక్షన్లు రెండూ తప్పు.

నిజమైన చెక్ కావాలంటే రెండో సపోర్ట్ చుట్టూ మళ్లీ మూమెంట్లు తీయాలి. ఈసారి RA ఒక్కటే మిగులుతుంది. దూరాలు కుడి సపోర్ట్ నుంచి కొత్తగా కొలవాలి. పాయింట్ లోడ్ 8 − 6 = 2 మీటర్ల దూరంలో ఉంది. యూడీఎల్ కుడివైపు అంచు 8 − 5 = 3 మీటర్ల దూరంలో ఉంది, అక్కణ్నుంచి సెంటర్‌కి ఇంకో 2 మీటర్లు, మొత్తం 5 మీటర్లు.

```
RA × 8 = 48 × 5 + 20 × 2
RA × 8 = 240 + 40 = 280
RA = 35 kN
```

ముందు వచ్చిన 35 తో ఇది కలిసింది. ఇక రెండింటినీ కూడి 68 వచ్చిందా అని చూస్తే, ఆ కూడికకి ఇప్పుడు నిజంగా విలువ ఉంది, ఎందుకంటే రెండు రియాక్షన్లూ వేర్వేరు దారుల్లో వచ్చాయి.

ఇందులో ఒక మెలిక ఉంది. కుడి నుంచి దూరాన్ని మళ్లీ బొమ్మ చూసి కొలవకుండా, ముందు వాడిన తప్పు దూరం నుంచే తీసేస్తే, అంటే 8 − 2 = 6 అని రాస్తే, ఈ చెక్ కూడా మోసం చేస్తుంది. RA = (48 × 6 + 20 × 2)/8 = 41 అని వస్తుంది, పాత తప్పు సమాధానంతో హాయిగా కలిసిపోతుంది. అందుకే యూడీఎల్ అంచు నుంచి కొత్తగా కొలవమన్నాను. పాత అంకె మీద ఆధారపడిన చెక్ పాత తప్పునే మళ్లీ చెబుతుంది.

పంచుకునే పద్ధతి

పెన్ను పెట్టకుండా చూసుకోవడానికి ఇంకో దారి ఉంది. ఇద్దరు మనుషులు ఒక కర్రకి బరువు కట్టి చెరో చివర భుజం మీద పెట్టుకుని మోస్తుంటే, బరువుకి దగ్గరగా ఉన్నవాళ్ల మీద భారం ఎక్కువ పడుతుంది. బీమ్‌లోనూ అంతే. ఒక్కో లోడ్ విడిగా రెండు సపోర్ట్‌లకి ఎలా పంచుకుందో చూసి, ఆ తర్వాత కూడొచ్చు. ఎడమ నుంచి దూరాన్ని స్పాన్‌తో భాగిస్తే కుడి సపోర్ట్ వాటా వస్తుంది.

యూడీఎల్ సెంటర్ 3 మీటర్ల దగ్గర ఉంది, కాబట్టి దానిలో 3/8 వంతు కుడికి, 5/8 వంతు ఎడమకి పోతుంది. అంటే కుడికి 18, ఎడమకి 30. పాయింట్ లోడ్ 6 మీటర్ల దగ్గర ఉంది కాబట్టి 6/8 వంతు కుడికి, అంటే 15. మిగిలిన 5 ఎడమకి. కూడితే ఎడమ 35, కుడి 33. అవే అంకెలు.

అంకెలు కలవడం కంటే ఈ పద్ధతిలో ఇంకో లాభం ఉంది. ఎవరి భారం ఎక్కణ్నుంచి వచ్చిందో విడివిడిగా కనిపిస్తుంది. పాయింట్ లోడ్‌ని 20 నుంచి 40 కి పెంచితే ఏమవుతుంది? మొత్తం లెక్క మళ్లీ కట్టక్కర్లేదు. కుడికి ఇంకో 15, ఎడమకి ఇంకో 5 కలిపితే సరి, ఎడమ 40, కుడి 48. బీమ్ సొంత బరువు కలపాలన్నా ఇంతే. సొంత బరువు మీటరుకి 1.5 కిలోన్యూటన్లు అనుకుంటే మొత్తం 12, అది స్పాన్ అంతటా సమానంగా ఉంటుంది కాబట్టి చెరో 6. మొదటి లెక్కకి కలిపితే ఎడమ 41, కుడి 39 అవుతాయి.

పాయింట్ లోడ్ యూడీఎల్ లోపలే పడితే

ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. పాయింట్ లోడ్ 6 మీటర్ల దగ్గర కాకుండా 4 మీటర్ల దగ్గర, అంటే యూడీఎల్ పరుచుకున్న చోటే ఉందనుకుందాం. చాలామంది ఇక్కడ కంగారుపడి యూడీఎల్‌ని 1 నుంచి 4 వరకు ఒక ముక్క, 4 నుంచి 5 వరకు ఇంకో ముక్కగా కోస్తారు. రియాక్షన్ల కోసం అయితే అది అనవసరం. యూడీఎల్‌కి పాయింట్ లోడ్ ఉందన్న సంగతే తెలియదు, దాని 48 కిలోన్యూటన్లు 3 మీటర్ల దగ్గరే ఉంటాయి. మారేది పాయింట్ లోడ్ వాటా మాత్రమే. 4 మీటర్లంటే సరిగ్గా స్పాన్ మధ్య కాబట్టి చెరో 10. ఎడమ 30 + 10 = 40, కుడి 18 + 10 = 28.

ముక్కలు చేయడం తప్పు కాదు, చేసినా ఇదే వస్తుంది. కాకపోతే రెండు బరువులు, రెండు సెంటర్లు కట్టాల్సి వస్తుంది. ఎన్ని దూరాలు పెరిగితే అన్ని చోట్ల తప్పుకి దారి దొరుకుతుంది.

ఆ ఒక్క బాణాన్ని ఎక్కడ చెరిపేయాలి

యూడీఎల్‌ని ఒక్క 48 కిలోన్యూటన్ల బాణంగా మార్చడం మొత్తం బీమ్ సమతౌల్యం చూసేటప్పుడే చెల్లుతుంది. రియాక్షన్లు వచ్చాక ఆ బాణాన్ని బొమ్మలోంచి చెరిపేసి, అసలు యూడీఎల్‌ని తిరిగి పెట్టాలి. పెట్టకపోతే షియర్ ఫోర్స్, బెండింగ్ మూమెంట్ దారుణంగా తప్పుతాయి.

ఉదాహరణకి 3 మీటర్ల దగ్గర బెండింగ్ మూమెంట్ చూద్దాం. ఆ సెక్షన్‌కి ఎడమవైపు 1 నుంచి 3 మీటర్ల వరకు 2 మీటర్ల యూడీఎల్ ఉంది. దాని బరువు 24 కిలోన్యూటన్లు, అది సెక్షన్ నుంచి 1 మీటరు దూరంలో పనిచేస్తుంది.

```
M = 35 × 3 − 24 × 1 = 81 kN·m
```

అదే 48 బాణాన్ని 3 మీటర్ల దగ్గర అలాగే ఉంచేస్తే, దానికి అక్కడ మూమెంట్ సున్నా కాబట్టి M = 35 × 3 = 105 అని వస్తుంది. 81 ఎక్కడ, 105 ఎక్కడ?

సరైన యూడీఎల్‌తో షియర్ ఫోర్స్ గీస్తే రియాక్షన్లకి ఇంకో పరీక్ష దానంతటదే దొరుకుతుంది. ఎడమ సపోర్ట్ దగ్గర షియర్ 35 తో మొదలవుతుంది. 1 మీటరు వరకు అలాగే సాగుతుంది. అక్కణ్నుంచి మీటరుకి 12 చొప్పున తగ్గుతూ 5 మీటర్ల దగ్గర 35 − 48 = −13 కి చేరుతుంది. 6 మీటర్ల దాకా −13 గానే ఉండి, అక్కడ పాయింట్ లోడ్ వల్ల ఒక్కసారిగా −33 కి పడుతుంది. కుడి సపోర్ట్ దగ్గర RB 33 పైకి తోస్తుంది, గీత సున్నాకి వచ్చి మూతపడుతుంది.

కానీ ఈ మూతపడటం కూడా నిలువు బలాల సమతౌల్యమే. 41, 27 తప్పు జతతో గీసినా షియర్ గీత చక్కగా మూతపడుతుంది. తప్పుని పట్టిచ్చేది బెండింగ్ మూమెంట్. కుడి సపోర్ట్ దగ్గర మూమెంట్ సున్నా కావాలి. సరైన రియాక్షన్‌తో 35 × 8 − 48 × 5 − 20 × 2 = 0 అవుతుంది. తప్పు జతతో 41 × 8 − 280 = 48 మిగిలిపోతుంది. రోలర్ మూమెంట్‌ని పట్టుకోలేదు, కాబట్టి అక్కడ సున్నా కాకుండా ఏది మిగిలినా రియాక్షన్ తప్పని అర్థం. పైగా ఆ మిగిలిన 48 ఊరికే రాలేదు. 48 కిలోన్యూటన్ల బరువుని 1 మీటరు తప్పుగా జరిపాం, 48 × 1 మిగిలింది. మిగులుని ఒక్కో లోడ్‌తో భాగించి చూస్తే ఏ దూరం ఎంత తప్పిందో చాలాసార్లు అక్కడే తేలిపోతుంది.

యూనిట్లు చూసుకోండి

ఇంకో తప్పు కూడా చెప్పాలి. తొందరలో మీటరుకి 12 అన్నదాన్ని నేరుగా దూరంతో గుణించేసి 12 × 3 = 36 అని మూమెంట్‌గా రాసేస్తారు. పక్కన యూనిట్ రాస్తే ఇది వెంటనే దొరికిపోతుంది. kN/m ని m తో గుణిస్తే kN వస్తుంది, అది బలం. మూమెంట్ కావాలంటే kN·m రావాలి. ఒక గుణకారం తక్కువైందని యూనిటే చెబుతోంది. లోడ్ కిలోల్లో ఇచ్చి ఉంటే ముందే 9.81 తో గుణించి న్యూటన్లలోకి మార్చుకోండి, 1000 కిలోలంటే 9.81 కిలోన్యూటన్లు. సగం లోడ్లు ఒక యూనిట్‌లో, సగం ఇంకో యూనిట్‌లో ఉంచి మూమెంట్ సమీకరణంలోకి వెళ్లొద్దు.

అక్షరాల్లో రాస్తే

స్ప్రెడ్‌షీట్‌లో పెట్టుకోవాలనుకునేవాళ్ల కోసం ఇదే లెక్క సాధారణ రూపంలో రాస్తున్నాను. స్పాన్ L, యూడీఎల్ తీవ్రత w, అది మొదలయ్యే దూరం a, ముగిసే దూరం b, పాయింట్ లోడ్ P, దాని దూరం d. దూరాలన్నీ ఎడమ సపోర్ట్ నుంచే.

```
RB = [ w(b − a)(a + b)/2 + P·d ] / L
RA = [ w(b − a)(L − (a + b)/2) + P(L − d) ] / L
```

RA కి విడిగా మూమెంట్ సమీకరణమే ఇచ్చాను. షీట్‌లో మూడో గడిలో RA + RB నుంచి మొత్తం లోడ్‌ని తీసేసి సున్నా వస్తుందో లేదో చూసుకుంటే ఫార్ములా టైపింగ్ తప్పులు దొరుకుతాయి. a, b విలువలే తప్పుగా ఇస్తే మాత్రం ఏ ఫార్ములా కాపాడలేదు, అక్కడ బొమ్మే దిక్కు.

ఇది ఎంతవరకు పనిచేస్తుంది

ఒక హింజ్, ఒక రోలర్ ఉన్న బీమ్‌లో తెలియని రియాక్షన్లు మూడు, సమతౌల్య సమీకరణాలు మూడు. అందుకే బీమ్ ఉక్కుదా, కాంక్రీట్‌దా, ఎంత మందం అన్న ప్రశ్నే ఈ లెక్కలో రాలేదు. ఒక సపోర్ట్ కొద్దిగా కిందికి దిగినా రియాక్షన్లు మారవు. చివర్లు ఫిక్స్ అయి ఉన్నా, మధ్యలో మూడో సపోర్ట్ ఉన్నా ఈ సుఖం పోతుంది. తెలియనివి సమీకరణాల కంటే ఎక్కువవుతాయి, అప్పుడు బీమ్ ఎంత వంగుతుందో కూడా లెక్కలోకి తీసుకోవాలి.

పాయింట్ లోడ్ ఏటవాలుగా ఉంటే దాన్ని విడదీయాలి. మన 20 కిలోన్యూటన్లే బీమ్‌తో 60 డిగ్రీల కోణంలో దిగితే, నిలువు భాగం 20 × sin 60° = 17.32, అడ్డ భాగం 20 × cos 60° = 10. మూమెంట్ సమీకరణంలో 17.32 వాడాలి. ఆ 10 మొత్తం హింజ్ మీదే పడుతుంది, రోలర్‌కి అడ్డంగా పట్టుకునే శక్తి లేదు.

ఓవర్‌హ్యాంగ్ ఉన్న బీమ్‌కి కూడా ఇవే సమీకరణాలు పనిచేస్తాయి, గుర్తు ఒక్కటే జాగ్రత్తగా చూడాలి. బీమ్ కుడి సపోర్ట్ దాటి ఇంకో 2 మీటర్లు సాగి, పాయింట్ లోడ్ ఆ కొసన, అంటే ఎడమ నుంచి 10 మీటర్ల దగ్గర ఉందనుకోండి. దాని నుంచి కుడి సపోర్ట్ వాటా 20 × 10/8 = 25, ఎడమ వాటా 20 − 25 = −5. యూడీఎల్ నుంచి వచ్చే 30, 18 కలిపితే ఎడమ 25, కుడి 43. రెండూ పాజిటివ్, భయమేమీ లేదు. కానీ ఆ యూడీఎల్ ఎప్పుడూ ఉండే బరువేనా, లేక తీసి పెట్టే సరుకు లాంటిదా అన్నది అడగాలి. దాన్ని తీసేసిన రోజు ఎడమ రియాక్షన్ −5 అవుతుంది, అంటే బీమ్ ఆ చివర పైకి లేవాలని చూస్తుంది. బీమ్ సొంత బరువు ఆ 5 ని అణచలేకపోతే, ఎడమ చివరని బోల్టులతో కిందికి బిగించి పట్టాల్సిందే. కాబట్టి ఓవర్‌హ్యాంగ్ ఉన్న ప్రతి బీమ్‌కీ లోడ్లన్నీ ఉన్నప్పుడు ఒకసారి, తీసేయగలిగిన లోడ్లు తీసేసి ఇంకోసారి రియాక్షన్లు కట్టాలి.